14 ముక్కల పై చార్టులో తెలుగు స్థానం ఎన్నోది?

పై చార్టు చూసేవారికి చెప్పేది ఒక్కటే: ఇది మొత్తం, ఇవి అందులోని వాటాలు. వృత్తంలో 360 డిగ్రీలుంటాయి కాబట్టి ఒక్కో శాతానికి 3.6 డిగ్రీలు దక్కుతాయి. సగం వాటా అర్ధవృత్తం అవుతుంది, పాతిక శాతం లంబకోణం అవుతుంది. స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫేర్ 1801లో అచ్చువేసిన పుస్తకంలో ఈ రకం చిత్రం మొదటిసారి కనిపించింది. టర్కీ సామ్రాజ్యపు భూభాగం ఆసియా, ఐరోపా, ఆఫ్రికా ఖండాల్లో ఎంతెంత ఉందో ఆయన ఒక వృత్తాన్ని మూడు ముక్కలు చేసి చూపించాడు. మూడు ముక్కలే కాబట్టి ఏది పెద్దదో, ఏది చిన్నదో చూడగానే తెలిసిపోతుంది. అదే వృత్తాన్ని పది, పన్నెండు, పద్నాలుగు ముక్కలు చేసినప్పుడే చిక్కు మొదలవుతుంది. ప్లేఫేర్ అంతకు పదిహేనేళ్ల ముందే, 1786లో, కమ్మీల చిత్రాన్ని కూడా పరిచయం చేశాడు. ముక్కలు ఎక్కువైన చోట దారి చూపించేది ఆ పాత చిత్రమే.

ఈ చిక్కును చూడటానికి తెలుగువారికి బాగా తెలిసిన లెక్క ఒకటుంది. 2011 జనాభా లెక్కల్లో మాతృభాషల వారీగా దేశ జనాభా ఇలా తేలింది. హిందీ 43.63 శాతం, బెంగాలీ 8.03, మరాఠీ 6.86, తెలుగు 6.70, తమిళం 5.70, గుజరాతీ 4.58, ఉర్దూ 4.19, కన్నడం 3.61, ఒడియా 3.10, మలయాళం 2.88, పంజాబీ 2.74, అస్సామీ 1.26, మైథిలి 1.12. మిగిలిన భాషలన్నీ కలిపి 5.60 శాతం. పదమూడు భాషలు, ఒక ‘ఇతరాలు’ కలిపి మొత్తం 14 ముక్కలు. పత్రికల్లో, పోటీ పరీక్షల పుస్తకాల్లో, ఆఫీసు ప్రజెంటేషన్లలో ఇలాంటి జాబితా కనబడితే చాలామంది ముందుగా గీసేది పై చార్టే. వాటాలన్నీ కలిపితే వంద అవుతున్నాయి కాబట్టి అది న్యాయంగానే తోస్తుంది.

ఆరు సెంటీమీటర్ల వ్యాసం ఉన్న వృత్తం తీసుకుని ఈ వాటాలను గడియారంలో పన్నెండు గంటల స్థానం నుంచి కుడివైపుగా, పెద్దవాటి నుంచి చిన్నవాటి క్రమంలో పేర్చుకుంటూ వెళ్తే హిందీ ముక్క అయిదు గంటలు దాటేదాకా ఉంటుంది. బెంగాలీ ఆరు దాటగానే ముగుస్తుంది. అక్కడి నుంచి ఏడు వరకు మరాఠీ, ఏడు నుంచి ఎనిమిదికి కాస్త ముందు వరకు తెలుగు. మరాఠీ కోణం 24.7 డిగ్రీలు, తెలుగు కోణం 24.1 డిగ్రీలు. వృత్తపు అంచు వెంట కొలిస్తే మరాఠీ చాపం దాదాపు 12.9 మిల్లీమీటర్లు, తెలుగు చాపం 12.6. రెండింటి మధ్య తేడా మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేదు. పైగా ఆ రెండు ముక్కలూ వేర్వేరు దిక్కులకు తిరిగి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి పెట్టి చూసే వీలు లేదు. కోణమానిని లేకుండా ఏ భాష ముందుందో చెప్పడం ఎవరి వల్లా కాదు.

ముక్కల మీద అంకెలు రాస్తే సరిపోదా అనిపించవచ్చు. అంకెలు రాస్తే చదివేవారికి సమాధానం దొరుకుతుంది, నిజమే. కానీ దొరికింది అంకెల నుంచి, బొమ్మ నుంచి కాదు. చోటు చాలక ఆ అంకెలను పూర్ణాంకాలకు సవరిస్తే సంగతి ఇంకా పాడవుతుంది. మరాఠీ 7, తెలుగు 7 అవుతాయి. ఒడియా, మలయాళం, పంజాబీ మూడూ 3 అవుతాయి. ఈ పద్నాలుగు పూర్ణాంకాలనూ కూడితే 102 వస్తుంది. ‘ఇది మొత్తం’ అని చెప్పడమే పనిగా పుట్టిన బొమ్మలో మొత్తం వంద దాటిపోతుంది. అచ్చయిన పై చార్టు కనబడితే ముందుగా అందులోని అంకెలను కూడి చూడటం మంచి అలవాటు. ఒకటి అటూ ఇటూ అయితే సవరింపు వల్ల కావచ్చు. అంతకు మించితే సవరింపులు పోగుపడి ఉండాలి, లేదా లెక్కే తప్పై ఉండాలి.

పేర్ల సంగతి మరో తలనొప్పి. అస్సామీ ముక్క అంచు పొడవు రెండున్నర మిల్లీమీటర్లకు లోపే, మైథిలిది అంతకన్నా తక్కువ. అందులో పేరు పట్టదు. తెలుగు లిపికి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి అక్షరాన్ని ఒక హద్దు దాటి కుదిస్తే అది మచ్చలా మారిపోతుంది. అప్పుడు చిత్రకారుడు పేర్లను తీసి పక్కన రంగుల సూచికలో పెడతాడు. చదివేవారు ఒక ముక్క రంగు చూసి, సూచికలోకి వెళ్లి, ఆ రంగును వెతికి, పేరు పట్టుకుని, మళ్లీ బొమ్మలోకి రావాలి. పద్నాలుగు ముక్కలకు పద్నాలుగు సార్లు ఇదే పని. అసలు పద్నాలుగు రంగులను ఒకదానితో ఒకటి కలవకుండా ఎంచడమే కష్టం. ఎనిమిదో తొమ్మిదో దాటాక లేత నీలానికీ ముదురు నీలానికీ మధ్య ఇంకో నీలం వచ్చి చేరుతుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చుకోలేనివారికీ, నలుపు తెలుపుల్లో జిరాక్సు తీసుకున్నవారికీ ఆ సూచిక ఎందుకూ పనికిరాదు.

‘ఇతరాలు’ అనే ముక్క చేసే మోసం అంత తేలిగ్గా కంటబడదు. దాని వాటా 5.60 శాతం, తమిళం వాటా 5.70. బొమ్మలో రెండూ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. చూపుకు అది తమిళంతో సమానమైన మరో పెద్ద భాషలా తోస్తుంది. నిజానికి అందులో సంతాలీ, కశ్మీరీ, నేపాలీ, సింధీ, డోగ్రీ, కొంకణి, మణిపురి, బోడో, సంస్కృతం అనే తొమ్మిది షెడ్యూల్డ్ భాషలు ఉన్నాయి. గోండీ, కోయ వంటి 99 షెడ్యూలేతర భాషలు కూడా అందులోనే ఒదిగి ఉన్నాయి. నూటికి పైగా భాషలను కలిపిన మూటకూ ఒక్క భాషకూ ఒకే ఆకారం, ఒకే హోదా ఇవ్వడం తప్పు. ‘ఇతరాలు’ పరిమాణంలో ఎన్నో స్థానంలో ఉన్నా జాబితాలో ఎప్పుడూ చివరనే ఉండాలి, రంగు కూడా వెలిసిన బూడిద రంగులో ఉంటే నయం.

కంటికి ఈ ఇబ్బంది ఎందుకన్న ప్రశ్నను గణాంక శాస్త్రజ్ఞులు చాలాకాలంగా పరీక్షిస్తున్నారు. 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెగిల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా గణాంక సంఘం పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. బొమ్మలోని పరిమాణాన్ని అంచనా కట్టడానికి కన్ను రకరకాల ఆధారాలు తీసుకుంటుందనీ, అన్నీ సమానంగా పనిచేయవనీ అందులో చూపించారు. ఒకే కొలబద్ద మీద రెండు బిందువులు ఎక్కడున్నాయో పోల్చడం కంటికి అన్నిటికన్నా సులువు. ఆ తర్వాతిది పొడవులను పోల్చడం. కోణాలు, వైశాల్యాలు ఆ వరుసలో ఇంకా కిందకు వస్తాయి. వారి ప్రయోగంలో స్థానాన్ని బట్టి కట్టిన అంచనాలు కోణాన్ని బట్టి కట్టినవాటికన్నా దాదాపు రెండింతలు కచ్చితంగా వచ్చాయి.

అయితే పై చార్టును చూసేటప్పుడు కన్ను నిజంగా కోణాన్నే కొలుస్తుందా అన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2016లో డ్రూ స్కావ్, రాబర్ట్ కొసారా చేసిన ప్రయోగాల్లో, మధ్యలో రంధ్రం పెట్టి కోణం కనబడకుండా చేసిన డోనట్ చార్టును కూడా జనం పై చార్టంత బాగానే చదివారు. అంటే అంచు పొడవు, వైశాల్యం కూడా కంటికి ఆధారమవుతున్నాయన్నమాట. ఇక్కడ తెలియాల్సింది ఇంతే: పై చార్టును డోనట్‌గా మార్చితే పెద్దగా పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. పద్నాలుగు ముక్కల డోనట్‌కూ పైన చెప్పిన చిక్కులన్నీ ఉంటాయి.

పై చార్టును పక్కకు వాల్చి, కింద మందం పెట్టి, త్రీడీగా చూపించే అలవాటు మాత్రం తప్పక నష్టం చేస్తుంది. పైన చెప్పిన వృత్తాన్నే ఎత్తు వెడల్పులో సగమయ్యేలా వాల్చి చూద్దాం. ఆరు, ఏడు గంటల మధ్య ఉన్న మరాఠీ ముక్క చూసేవారికి ముందు భాగాన పడుతుంది. దాని కోణం కాగితం మీద 24.7 నుంచి దాదాపు 38 డిగ్రీలకు విచ్చుకుంటుంది. పక్కకు జరిగిన తెలుగు ముక్క కోణం 24.1 నుంచి 21 డిగ్రీలకు ముడుచుకుంటుంది. దాదాపు సమానమైన రెండు వాటాల్లో ఒకటి రెండోదానికి రెట్టింపుకు దగ్గరగా కనిపిస్తుంది. ముందు భాగానికి అదనంగా మందపు గోడ కూడా కనబడుతుంది కాబట్టి అక్కడ రంగు ఇంకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంకెలు ఒక్కటి కూడా మార్చకుండా, బొమ్మను కాస్త తిప్పితే చాలు, ముందుకు వచ్చిన ముక్క గెలుస్తుంది. ప్రకటనల్లో త్రీడీ పై చార్టు కనిపిస్తే ముందు భాగాన ఎవరి ముక్క ఉందో గమనించడం మంచిది.

ఈ అంకెలకు సరిపోయే మొదటి చిత్రం అడ్డ కమ్మీల చార్టు. భాష పేరు ఎడమవైపు, దాని నుంచి కుడికి సాగే కమ్మీ, చివర అంకె. కమ్మీలన్నీ ఒకే నిలువు గీత నుంచి మొదలవుతాయి కాబట్టి ఏది ఎంతవరకు వెళ్లిందో కన్ను ఆ చివర్లను చూసి పట్టేస్తుంది. నిలువు కమ్మీలైతే పేర్లను ఏటవాలుగా తిప్పి రాయాల్సి వస్తుంది, తెలుగు అక్షరాలు అలా తిప్పితే చదవడానికి మెడ వంచాలి. అడ్డ కమ్మీల్లో పేర్లు మామూలు పుస్తకంలోలాగే చదువుకోవచ్చు. రంగుల సూచిక అవసరమే లేదు. అన్ని కమ్మీలకూ ఒకే మామూలు రంగు వేసి, కథనం ఏ భాష గురించో దానికి మాత్రం వేరే రంగు ఇస్తే చాలు.

కమ్మీలను అక్షరక్రమంలో కాక పెద్దవాటి నుంచి చిన్నవాటికి పేర్చాలి. అప్పుడు మరాఠీ మూడు, తెలుగు నాలుగు అన్నది పొడవును కొలవకుండానే, వరుసను బట్టే తెలిసిపోతుంది. ఎక్సెల్‌లో అడ్డ కమ్మీలు గీసేవారిని ఒక చిన్న సంగతి తికమక పెడుతుంది. షీట్‌లో మొదటి వరుసలో ఉన్నది చార్టులో అట్టడుగున కనిపిస్తుంది. నిలువు అక్షం సెట్టింగుల్లో `Categories in reverse order` అన్నదాన్ని టిక్ చేస్తే వరుస సరిగ్గా పైనుంచి కిందికి వస్తుంది.

కమ్మీల చార్టుకూ ఒక పరిమితి ఉంది, ఈ ఉదాహరణలోనే అది బయటపడుతుంది. హిందీ వాటా మిగతా అన్నిటికన్నా ఎన్నో రెట్లు పెద్దది. పన్నెండు సెంటీమీటర్ల వెడల్పులో 0 నుంచి 45 శాతం వరకు కొలబద్ద పెడితే హిందీ కమ్మీ ఒక్కటే పదకొండున్నర సెంటీమీటర్లు తీసుకుంటుంది. మరాఠీకి 18.3 మిల్లీమీటర్లు, తెలుగుకు 17.9 మాత్రమే మిగులుతాయి. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. వరుస, పక్కనున్న అంకె కాపాడుతున్నాయి తప్ప పొడవు విషయంలో పై చార్టు కన్నా ఒరిగింది కొంచెమే.

ఇలాంటప్పుడు హిందీ కమ్మీని మధ్యలో విరిచి, రెండు చిన్న గీతలు పెట్టి, పొట్టిగా చూపించే పద్ధతి కొందరిది. అది చేయకూడదు. కమ్మీ పొడవే అక్కడ సమాచారం. విరిచాక ఆ పొడవు అబద్ధమవుతుంది. కొలబద్దను సున్నా నుంచి కాకుండా మధ్యలో మొదలుపెట్టడం కూడా అంతే తప్పు. 6 శాతం నుంచి మొదలుపెడితే మరాఠీ కమ్మీకి 0.86, తెలుగుకు 0.70 మిగిలి, అయిదో వంతు తేడా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది.

మంచి మార్గం పనిని రెండు బొమ్మలకు పంచడం. పైన ఒకే ఒక అడ్డ పట్టీ గీసి దాన్ని మూడు ముక్కలు చేస్తే హిందీ 43.63, తర్వాతి పన్నెండు భాషలు కలిపి 50.77, ఇతరాలు 5.60 అని మొత్తం చిత్రం తెలుస్తుంది. దాని కింద ఆ పన్నెండు భాషలకే 0 నుంచి 9 శాతం కొలబద్దతో కమ్మీలు గీయాలి. అదే పన్నెండు సెంటీమీటర్లలో ఇప్పుడు మరాఠీకి 91.5 మిల్లీమీటర్లు, తెలుగుకు 89.3 వస్తాయి. రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తేడా మామూలు కంటికి ఆనుతుంది. చివరన ఉన్న మైథిలికి కూడా దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల కమ్మీ దక్కుతుంది. కింది చార్టు కొలబద్ద వేరని దాని శీర్షికలోనే చెప్పాలి.

కమ్మీలకు బదులు ఒక్కో భాషకు ఒక్కో చుక్క పెట్టే చుక్కల చార్టు ఇంకో దారి. క్లీవ్‌లాండ్ దీన్ని గట్టిగా సిఫారసు చేశాడు. చుక్కకు పొడవు ఉండదు, స్థానమే ఉంటుంది. అందుకే దీని కొలబద్ద సున్నా నుంచి మొదలవ్వకపోయినా మోసం అంతగా ఉండదు. ఒకే వరుసలో రెండు రంగుల చుక్కలు పెడితే రెండు సంవత్సరాలను పోల్చవచ్చు కూడా.

రెండు సంవత్సరాల పోలిక వచ్చేసరికి పై చార్టు పూర్తిగా చేతులెత్తేస్తుంది. 2001 జనాభా లెక్కల్లో తెలుగు వాటా 7.19 శాతం, మరాఠీ 6.99. అంటే అప్పుడు మూడో స్థానం తెలుగుది. ఉర్దూ 5.01, గుజరాతీ 4.48. మలయాళం, ఒడియా రెండూ 3.21 దగ్గర ఉన్నా మలయాళం వెంట్రుకవాసి ముందుంది. ఈ రెండు సంవత్సరాలకూ పక్కపక్కనే రెండు పై చార్టులు పెడితే హిందీ ముక్క కాస్త పెరిగిందన్న అనుమానం తప్ప ఇంకేమీ కనబడదు. మొదటి ముక్క మారగానే మిగతావన్నీ వృత్తంలో పక్కకు జరుగుతాయి. తెలుగు ముక్క ఒక బొమ్మలో ఒక దిక్కున, రెండో బొమ్మలో ఇంకో దిక్కున ఉంటుంది. దాని అంచు తగ్గింది మాత్రం ఒక మిల్లీమీటరు లోపే.

ఇక్కడ పనికొచ్చేది వాలు గీతల చార్టు. ఎడమవైపు ఒక నిలువు గీత 2001కి, కుడివైపు ఒకటి 2011కి. రెండింటికీ ఒకే కొలబద్ద. ఒక్కో భాషకు ఎడమ చుక్క నుంచి కుడి చుక్కకు ఒక గీత. తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తులో 2.5 నుంచి 8.5 శాతం వరకు కొలబద్ద పెడితే ఒక శాతానికి ఒకటిన్నర సెంటీమీటర్లు వస్తుంది. బెంగాలీ నుంచి పంజాబీ దాకా పది భాషలూ అందులో పడతాయి. తెలుగు గీత ఏడు మిల్లీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. మరాఠీ గీత రెండు మిల్లీమీటర్లే దిగుతుంది. రెండూ మధ్యలో ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి. గుజరాతీ స్వల్పంగా పైకి, ఉర్దూ బాగా కిందికి వెళ్తూ ఇంకోచోట ఖండించుకుంటాయి. ఒకే చోట మొదలైన ఒడియా, మలయాళం గీతలు విడిపోయి మలయాళం ఎక్కువ కిందికి జారుతుంది. ఈ మూడు స్థానమార్పులూ ఏ అంకె చదవకముందే కంటికి తగులుతాయి. పది దాటి పదిహేను, ఇరవై గీతలైతే ఈ చార్టూ చిక్కుముడిగా మారుతుంది. అప్పుడు చెప్పదలచుకున్న రెండు మూడింటికి రంగు వేసి మిగతావాటిని బూడిద రంగులో వదిలేయాలి.

వాలు గీత కిందికి దిగింది కదా అని తెలుగు మాట్లాడేవారు తగ్గారని అనుకుంటే పొరపాటు. 2001లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 7.40 కోట్లు, 2011లో 8.11 కోట్లు. మరాఠీవారు 7.19 కోట్ల నుంచి 8.30 కోట్లకు పెరిగారు. తెలుగువారూ పెరిగారు, దేశ జనాభా అంతకన్నా వేగంగా పెరిగింది. వాటాలు మాత్రమే చూపే ఏ చార్టైనా ఈ సంగతిని దాచేస్తుంది, పై చార్టు మరీను. 103 కోట్ల వృత్తమూ 121 కోట్ల వృత్తమూ అందులో ఒకే సైజులో ఉంటాయి. జనం సంఖ్యనే చెప్పాలంటే కొలబద్ద మీద శాతాలు తీసి కోట్లు పెట్టాలి. అసలు లెక్కలోని నిర్వచనాలను కూడా ఏ చార్టూ సరిదిద్దలేదు. హిందీ కింద లెక్కించిన 52.83 కోట్ల మందిలో భోజ్‌పురిని మాతృభాషగా చెప్పినవారే అయిదు కోట్ల మందికి పైగా ఉన్నారు. ఆ సంగతి చార్టు కింద ఒక వాక్యంలో రాయాల్సిందే.

ఇంత చెప్పినా పై చార్టుకు చోటే లేదనడం సరికాదు. సగం, పావు, ముప్పావు అన్న గుర్తులను కన్ను వృత్తంలో చాలా తేలిగ్గా పట్టుకుంటుంది. దేశంలో సగంమంది మాతృభాష హిందీయేనా అన్నది ప్రశ్న అయితే, హిందీ, మిగతావి అని రెండు ముక్కల వృత్తం చాలు. హిందీ ముక్క సగం గీతను చేరలేదని వెంటనే తెలుస్తుంది. కొన్ని ముక్కలను కలిపి చూడాల్సినప్పుడు పై చార్టు కమ్మీలకు దీటుగా, కొన్నిసార్లు వాటికన్నా మెరుగ్గా నిలిచిందని 1991లో ఇయన్ స్పెన్స్, స్టెఫాన్ లెవాండోవ్‌స్కీ చేసిన ప్రయోగాల్లో తేలింది. కానీ కలిపి చూడాల్సిన ముక్కలు పక్కపక్కన ఉండాలి. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం కలిపి 18.89 శాతం, అయిదో వంతుకు కాస్త తక్కువ. పెద్దవాటి నుంచి చిన్నవాటికి పేర్చిన పద్నాలుగు ముక్కల బొమ్మలో ఇవి నాలుగు, అయిదు, ఎనిమిది, పది స్థానాల్లో చెల్లాచెదురుగా పడి ఆ మొత్తం కనబడదు. ఆ నాలుగింటినీ ఒకే ముక్కగా చేసి, హిందీ ఒక ముక్క, మిగిలినవన్నీ మరో ముక్కగా గీస్తే మూడు ముక్కల వృత్తం చక్కగా పనిచేస్తుంది. ముక్కలు నాలుగైదు దాటితే, లేదా ఏ రెండు ముక్కలైనా ఒకటి రెండు శాతాల తేడాలో ఉంటే, కమ్మీల వైపు మళ్లాలి. ముక్కలు వందల్లో ఉండి, రాష్ట్రాల కింద జిల్లాల్లా గుంపులుగా అమరితే దీర్ఘచతురస్రాల ట్రీమ్యాప్ ఉంది. అదీ వైశాల్యం మీదే ఆధారపడుతుంది కాబట్టి పెద్దవేవో చెప్పడానికే తప్ప దగ్గరదగ్గర వాటాలను పోల్చడానికి పనికిరాదు.

పై చార్టును ముక్కల సంఖ్యతో పని లేకుండానే పక్కన పెట్టాల్సిన సందర్భం ఒకటుంది. జనాభా లెక్కల్లో మాతృభాషతో పాటు తెలిసిన ఇతర భాషలను కూడా రెండు వరకు నమోదు చేస్తారు. ‘తెలుగు తెలిసినవారు ఎందరు, హిందీ తెలిసినవారు ఎందరు, ఇంగ్లీషు తెలిసినవారు ఎందరు’ అని లెక్కిస్తే ఒకే మనిషి రెండు మూడు చోట్ల లెక్కకు వస్తాడు. ఆ శాతాలన్నీ కూడితే వంద దాటుతుంది. సాఫ్ట్‌వేరు మాత్రం ఏమీ అడగకుండా ఆ అంకెలను వందకు కుదించి వృత్తంలో సర్దేస్తుంది. ఒక భాష 40 శాతం మందికి వచ్చినా మొత్తం 130 అయితే దాని ముక్క 31 శాతంగా కనిపిస్తుంది. ఒకటికి మించి జవాబులు చెప్పే వీలున్న ఏ సర్వేకైనా ఇదే వర్తిస్తుంది. అక్కడ ముక్కలు మూడే ఉన్నా గీయాల్సింది సున్నా నుంచి వంద దాకా కొలబద్ద ఉన్న కమ్మీలే.